టెన్త్ మెమోలో పేరు తప్పు పడితే: దిద్దమని లెటర్ ఎలా రాయాలి

టెన్త్ మెమో మీద పేరులో ఒక్క ఇంగ్లీషు అక్షరం తేడా పడినా అదే తప్పు ఇంటర్ మెమోలోకి, అక్కడి నుంచి డిగ్రీ పట్టాలోకి పోతుంది. దాన్ని దిద్దించుకోవాలంటే తెలంగాణ ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్‌కి ఒక లెటర్ పెట్టుకోవాలి. లెటర్ ఒక పేజీకి మించదు, రాయడం అరగంట పని. కానీ రాసే ముందు చూసుకోవాల్సినది ఒకటుంది. అది చూడకుండా రాస్తే లెటర్ ఎంత బాగున్నా వెనక్కి వస్తుంది.

మాటవరసకు ఒక పేరు తీసుకుందాం. దేవరకొండ దిక్కు ఒక తండా అమ్మాయి రమావత్ స్వాతి, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి 2019 మార్చిలో టెన్త్ పాసైంది. బడి రిజిస్టర్‌లో పేరు `RAMAVATH SWATHI`. మెమో మీద మాత్రం `RAMAVATH SWATI` అని పడింది. మన దగ్గర 'త' పలకాలంటే TH రాస్తాం, 'ట' అయితే T. కంప్యూటర్‌లో పేర్లు కొట్టేటప్పుడు ఈ H జారిపోవడం మామూలే. శ్రీ అన్నచోట SRI, SREE తారుమారు కావడం, లక్ష్మికి LAXMI, LAKSHMI, నాయక్‌కి NAIK, NAYAK కలగలిసిపోవడం కూడా ఇలాంటివే. పైకి చదివితే తేడా వినపడదు కాబట్టి మెమో చేతికొచ్చిన నాడు ఇంట్లో ఎవరూ పట్టుకోరు. నౌకరీకి సర్టిఫికెట్లు చూసే నాడో, పాస్‌పోర్టుకి పెట్టిన నాడో బయటపడుతుంది.

ముందు తప్పు ఎక్కడ పుట్టిందో పట్టుకోండి

చాలామంది ఆధార్ కార్డు పట్టుకుని బయలుదేరుతారు. "ఆధార్‌లో సరిగ్గానే ఉంది, మెమోలో తప్పుంది, దిద్దండి" అంటారు. ఆ వాదన అక్కడ నిలబడదు. టెన్త్ మెమోలో పేరు ఆధార్‌ని చూసి రాలేదు. బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉన్న పేరు నామినల్ రోల్‌లోకి ఎక్కింది, నామినల్ రోల్ నుంచి మెమో మీదికి వచ్చింది. కాబట్టి సరిచూడాల్సిన కాగితాలు ఈ మూడే: అడ్మిషన్ రిజిస్టర్, నామినల్ రోల్, మెమో. పరీక్షకు ముందు ఏ పిల్లలు రాస్తున్నారో బడి వాళ్లు పంపే జాబితాయే నామినల్ రోల్. దాని కాపీ బడిలో ఉంటుంది.

చదివిన బడికి పోయి హెడ్మాస్టర్ సారును అడిగి రిజిస్టర్‌లో మీ వరుస, నామినల్ రోల్‌లో మీ వరుస చూడండి. మెమో పక్కన పెట్టి ఒక్కో అక్షరం వేలుపెట్టి చదవండి. రిజిస్టర్‌లోనూ, నామినల్ రోల్‌లోనూ SWATHI అని ఉండి మెమోలోనే SWATI అని పడితే అది అచ్చులో జరిగిన పొరపాటు. అందరికంటే సులువైన కేసు మీదే. రిజిస్టర్‌లో సరిగ్గా ఉండి నామినల్ రోల్‌లోనే H పోతే తప్పు బడిది. ఇదీ దిద్దబడుతుంది, కాకపోతే ఆ పొరపాటు ఎలా జరిగిందో హెడ్మాస్టర్ తన కవరింగ్ లెటర్‌లో ఒప్పుకుని రాయాలి. సార్లకు ఇది కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, మెత్తగా అడగండి. చాలాసార్లు అప్పటి హెడ్మాస్టర్ బదిలీ అయి ఉంటారు. "అప్పటి నామినల్ రోల్ తయారీలో రిజిస్టర్‌లోని పేరు తప్పుగా నమోదైంది" అంటే చాలు, ఎవరి పేరూ ఎత్తక్కరలేదు.

మూడో రకం కేసు ఒకటుంది. రిజిస్టర్‌లోనే SWATI అని ఉంటే బోర్డు లెక్కలో మెమోలో తప్పే లేదు. అప్పుడు స్పెల్లింగ్ దిద్దమని లెటర్ పెట్టి లాభం లేదు. అలాంటప్పుడు ఇంకో అడుగు వెనక్కి వెళ్లి చూడండి. ఐదో తరగతి దాకా చదివిన ప్రైమరీ స్కూలు రిజిస్టర్‌లో ఏముంది? అక్కడి నుంచి హైస్కూలుకు తెచ్చిన రికార్డ్ షీట్‌లో ఏముంది? ప్రైమరీలో SWATHI అని ఉండి, హైస్కూల్లో చేర్చుకునేటప్పుడు ఎక్కించిన వారు H వదిలేసి ఉంటే మీ చేతిలో ఆధారం ఉన్నట్టే. ప్రైమరీ రిజిస్టర్ కాపీ, రికార్డ్ షీట్ కాపీ కూడా జతచేసి అడగొచ్చు. మొదటి నుంచీ అన్నిట్లో SWATI అనే ఉంటే మెమో జోలికి పోకండి, ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్చుకోండి. అది తేలిక. అయితే ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే ఉంటుంది. ఊరికే వాడేసుకోవద్దు.

ఒక హెచ్చరిక. "రిజిస్టర్‌లో మనమే ఒక H పెట్టేద్దాం" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రిజిస్టర్ పేజీలో వైట్‌నర్ మరక, వేరే ఇంకుతో ఇరికించిన అక్షరం ఉన్నాయంటే సరిగ్గా ఉన్న కేసు మీద కూడా అనుమానం పడుతుంది. దిద్దినవారికీ, దిద్దించినవారికీ అది వేరే తలనొప్పి.

ఎవరికి, ఎవరి ద్వారా

మెమో పైన సెకండరీ ఎడ్యుకేషన్ బోర్డు పేరు ఉంటుంది గానీ లెటర్ మాత్రం హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్ పేరున రాయాలి. అయితే మీరే బస్సెక్కి పట్నంలో ఇచ్చి వస్తే పని కాదు. లెటర్ హెడ్మాస్టర్ చేతిమీదుగా జిల్లా విద్యాశాఖాధికారి, అంటే డీఈవో ఆఫీసుకు, అక్కడి నుంచి డైరెక్టర్ ఆఫీసుకు పోవాలి. నేరుగా ఇచ్చిన కాగితం మళ్లీ డీఈవోకే వస్తుంది. పోయిన బస్సు చార్జీలు, పోయిన నెల రోజులు మీవే.

ఏ డీఈవో అన్న దగ్గర మన జిల్లాల్లో పాత మెమోలవాళ్లు తికమక పడతారు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. పాత నల్గొండ జిల్లాలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరయ్యాయి. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరు జిల్లా అయింది. కొడంగల్ వికారాబాద్‌లోకి, షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయాయి. మెమో మీద అప్పటి జిల్లా పేరే ఉంటుంది. లెటర్ మాత్రం బడి ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ఆ డీఈవో ద్వారా పోవాలి. 2012లో కోదాడలో టెన్త్ రాసినవారి మెమోలో నల్గొండ అని ఉన్నా ఇప్పుడు పోవాల్సింది సూర్యాపేటకు.

మీరు చదివిన ప్రైవేటు బడి మూతపడితే ముందు ఆ మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి, రిజిస్టర్లు ఎక్కడ అప్పజెప్పారో అక్కడ తెలుస్తుంది. రిజిస్టర్ ఎవరి కస్టడీలో ఉంటే ధ్రువీకరణ సంతకం కూడా వారిదే కావాలి. పాత కరస్పాండెంట్ ఇంటికి పోయి ఆయన స్టాంపు వేయించుకొస్తే చెల్లదు.

లెటర్ ఇలా రాయండి

తెలుగులో రాయొచ్చు. పేరు స్పెల్లింగ్ మాత్రం రెండుచోట్లా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. తెలుగులో రెండూ 'స్వాతి'యే కదా, ఫైలు చూసేవారికి తేడా ఏమిటో తెలియదు. చేతిరాత అయినా పర్వాలేదు, కానీ అక్షరాలు విడివిడిగా ఉండాలి.

> తేదీ: ……
>
> ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్ గారికి,
> తెలంగాణ, హైదరాబాద్.
>
> ద్వారా: 1. ప్రధానోపాధ్యాయులు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ……
> 2. జిల్లా విద్యాశాఖాధికారి, నల్గొండ.
>
> అయ్యా / అమ్మా,
>
> విషయం: పదో తరగతి (మార్చి 2019) సర్టిఫికెట్‌లో నా పేరు స్పెల్లింగ్ సరిచేయుట గురించి.
>
> సూచిక: హాల్ టికెట్ నంబర్ ……, సర్టిఫికెట్ సీరియల్ నంబర్ ……
>
> నేను పై పాఠశాలలో చదివి మార్చి 2019లో రెగ్యులర్ అభ్యర్థిగా పదో తరగతి ఉత్తీర్ణురాలినైతిని. పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్‌లో (అడ్మిషన్ నంబర్ ……, తేదీ ……) నా పేరు సరిగా నమోదై ఉన్నది. సర్టిఫికెట్‌లో ఒక అక్షరం లేకుండా ముద్రితమైనది.
>
> సర్టిఫికెట్‌లో ఉన్నది: `RAMAVATH SWATI`
> ఉండవలసినది: `RAMAVATH SWATHI`
>
> తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ సరిగానే ఉన్నవి. వాటిలో మార్పు కోరడం లేదు.
>
> అడ్మిషన్ రిజిస్టర్ ప్రకారం నా పేరు సరిచేసి సర్టిఫికెట్ ఇప్పించగలరని మనవి. ఒరిజినల్ సర్టిఫికెట్ జతపరిచితిని.
>
> ఇట్లు,
> (సంతకం)
> రమావత్ స్వాతి, ఇంటి చిరునామా, ఫోన్ నంబర్
>
> జతపరిచినవి:
> 1. ఒరిజినల్ సర్టిఫికెట్
> 2. అడ్మిషన్ రిజిస్టర్ ధ్రువీకరించిన కాపీ
> 3. నామినల్ రోల్ ధ్రువీకరించిన కాపీ
> 4. ప్రధానోపాధ్యాయుల కవరింగ్ లెటర్

ఇంతే. ఇంటి కష్టాలు, నౌకరీ చేజారుతోందన్న బాధ ఇందులో రాయకండి. అవి రాయడం తప్పని కాదు, ఫైలు చూసే గుమాస్తా వెతికేది నాలుగు సంగతులే: ఏ సంవత్సరం, ఏ నంబర్, ఏ అక్షరం, ఏ ఆధారం. అవి రెండో పేజీలోకి జారిపోతే లెటర్ పక్కన పడుతుంది.

ఈ లెటర్‌లో గట్టిగా పనిచేసేవి పక్కపక్కనున్న ఆ రెండు పేర్ల వరుసలు. 'హెచ్ అనే అక్షరం పోయింది' అని వాక్యంలో చెబితే ఏ హెచ్ అన్న అనుమానం వస్తుంది, ఎందుకంటే RAMAVATHలోనూ ఒక H ఉంది. అందుకే పేరు మొత్తం రాయాలి, తప్పున్న ముక్క ఒక్కటే కాదు. ఇంటిపేరు ముందా వెనకా, మధ్యలో ఖాళీ ఎక్కడ, ఇనిషియలా పూర్తి ఇంటిపేరా, అన్నీ రిజిస్టర్‌లో ఎలా ఉంటే అలాగే దించండి. రిజిస్టర్‌లో `R. SWATHI` అని ఉంటే ఈ లెటర్‌తో RAMAVATH SWATHI అడగడం కుదరదు. అది దిద్దుబాటు కాదు, కొత్తగా చేర్చడం అవుతుంది.

"వాటిలో మార్పు కోరడం లేదు" అన్న వాక్యం చాలామంది రాయరు, కానీ దాంతో పని ఉంది. పేరు దిద్దుబాటు వంకన పుట్టిన తేదీ కూడా మార్చబోతున్నారేమో అన్న అనుమానాన్ని మొదట్లోనే తీసేస్తుంది. నిజంగానే పుట్టిన తేదీలో తప్పుంటే దాన్ని ఈ లెటర్‌లో కలపకండి. తేదీ మీద విచారణ గట్టిగా ఉంటుంది, అది తేలేదాకా ఒక్క H కూడా ఆగిపోతుంది. తల్లి పేరు, తండ్రి పేరు స్పెల్లింగ్ మాత్రం ఇందులోనే అడిగేయండి. ఒరిజినల్ ఒక్కసారే ఇస్తాం, చూసే రిజిస్టరూ అదే. అప్పుడు ఆ వాక్యం తీసేసి ప్రతి పేరుకూ రెండు వరుసలు రాయాలి.

హాల్ టికెట్ నంబర్ మెమో చూసి రాయండి, గుర్తున్నదని రాయొద్దు. కంపార్ట్‌మెంట్‌లో పాసైనవారు రెండు హాల్ టికెట్ల మధ్య తడబడతారు. దిద్దాల్సిన మెమో మీద ఏ నంబరు, ఏ నెల ఉన్నాయో అవే రాయాలి.

హెడ్మాస్టర్ కవరింగ్ లెటర్

నా లెక్కలో మీ లెటర్ కంటే ఇదే బరువైనది. డైరెక్టర్ ఆఫీసు మిమ్మల్ని ఎరగదు, బడిని ఎరుగుతుంది. బడి లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఫలానా విద్యార్థి ఫలానా అడ్మిషన్ నంబరుతో ఇక్కడ చదివినది, రిజిస్టర్‌లో పేరు ఇలా ఉన్నది, సర్టిఫికెట్‌లో ఇలా పడినది, తప్పు ఫలానా దశలో జరిగినది, సరిచేయడానికి సిఫారసు చేస్తున్నాను అని ఐదు ముక్కలు ఉంటే చాలు. "విద్యార్థి లెటర్ పంపడమైనది" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టే సార్లూ ఉంటారు. అలాంటిది డీఈవో ఆఫీసులోనే ఆగిపోతుంది. అందుకే పైన చెప్పిన ఐదు ముక్కలతో ఒక చిత్తు రాసుకుని తీసుకెళ్లండి, సార్లకూ పని తగ్గుతుంది.

రిజిస్టర్ జిరాక్స్ తీసేటప్పుడు మీ వరుస ఒక్కటే కత్తిరించి తీయకండి. తలకాలమ్‌లు, పేజీ నంబర్, పైన కింద వరుసలు కనిపించేలా పేజీ అంతా తీయించండి. కాపీ మీద 'ఒరిజినల్‌తో సరిచూసితిని' అన్న మాట, సంతకం, గుండ్రటి స్టాంపు, తేదీ ఉండాలి. స్టాంపు పేరు మీద పడి అక్షరాలు కప్పేస్తే ఆ కాపీ పక్కన పెట్టి ఇంకోటి చేయించండి. గొడవంతా ఆ అక్షరాల గురించే కదా.

ఒరిజినల్ ఇచ్చే ముందు

ఒరిజినల్ ఇస్తే అది తిరిగొచ్చేదాకా మీ చేతిలో టెన్త్ మెమో ఉండదు. మే నుంచి ఆగస్టు దాకా అడ్మిషన్ల కాలం, దోస్త్, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లు అప్పుడే. నౌకరీ వెరిఫికేషన్ దగ్గర పడిందన్నా, కాలేజీలో చేరబోతున్నారన్నా ముందు ఆ పని కానిచ్చి తర్వాత ఇవ్వండి. ఇచ్చే ముందు మెమోను రెండు వైపులా కలర్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి. గెజిటెడ్ ఆఫీసర్ సంతకంతో మూడు నాలుగు కాపీలు చేయించుకోండి. మెమోకు లామినేషన్ చేయించి ఉంటే ఇంట్లో పీకకండి, కాగితం పొరలు లేచిపోతాయి. ఉన్నదున్నట్టే ఇచ్చి, లామినేషన్ ఉందని జతపరిచిన వాటి పట్టికలో రాయండి.

అన్నీ రెండు సెట్లు చేయండి. ఒకటి పంపడానికి, ఒకటి మీ దగ్గర ఉంచుకోవడానికి. ఫీజు కట్టమంటే ఇప్పుడు ఎంతో, ఏ పద్దు కిందో డీఈవో ఆఫీసులో అడిగి చలానా కట్టండి. పక్కింటివారు రెండేళ్ల కిందట కట్టిన చలానా చూసి కట్టొద్దు.

ఇచ్చాక ఏం పట్టుకుని తిరగాలి

డీఈవో ఆఫీసులో తపాల్ సెక్షన్‌లో ఇచ్చి మీ దగ్గరున్న రెండో సెట్ మొదటి పేజీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. అది లేకుండా వచ్చారంటే మీరు కాగితం ఇచ్చినట్టు చూపడానికి ఏమీ ఉండదు, పైగా అందులో ఒరిజినల్ ఉంది. పది పదిహేను రోజుల తర్వాత ఆ నంబర్ చెప్పి, హైదరాబాద్‌కి పంపిన లెటర్ మీద ఆఫీసు వేసిన ఆర్.సి. నంబర్ ఎంతో, ఏ తేదీన పంపారో అడిగి రాసుకోండి. "నా ఫైల్ ఏమైంది" అని పోతే రేపు రమ్మంటారు. నంబర్, తేదీ చెబితే రిజిస్టర్ తెరుస్తారు.

ఫైలు డీఈవో దగ్గరే ఆగిందా, పట్నం పోయిందా అన్నది ముందు తేల్చుకోండి. అక్కడే ఆగితే సాధారణంగా కారణం కాగితం కొరత. ఏది కావాలో రాసివ్వమని అడిగి తెచ్చివ్వండి. ఎక్కడా జవాబు దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద రూ. 10 ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రశ్న సూటిగా ఉండాలి: 'ఫలానా ఇన్‌వర్డ్ నంబర్, ఫలానా తేదీ దరఖాస్తుపై నేటి వరకు తీసుకున్న చర్యల వివరాలు, ఫైల్ ఇప్పుడు ఏ సెక్షన్‌లో ఉన్నది.' ఎందుకు ఆలస్యం చేశారని అడిగితే అది సమాచారం కిందికి రాదని తోసేస్తారు.

దిద్దిన మెమో వచ్చాక

బడిలో తీసుకునే చోటే నిలబడి చదవండి. పేరులో H వచ్చిందా అని ఒక్కటే చూసి మురిసిపోవద్దు. మళ్లీ కొట్టిన చోట కొత్త తప్పు దూరవచ్చు. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, పుట్టుమచ్చలు, గ్రేడ్లు అన్నీ మీ దగ్గరున్న కలర్ స్కాన్‌తో సరిచూడండి. తప్పు కనిపిస్తే సంతకం పెట్టి తీసుకోకముందే చెప్పాలి.

స్వాతి ఇంటర్ తర్వాత నల్గొండలో డిగ్రీ కూడా చేసిందనుకోండి. అప్పుడు మూడుచోట్లా SWATI అనే ఉంటుంది, ఎందుకంటే ఇంటర్‌లో చేరేటప్పుడు టెన్త్ మెమో చూసే పేరు ఎక్కించారు. ఈ మూడింటినీ ఒకేసారి దిద్దించబోతే ఇంటర్ బోర్డు వారు టెన్త్ మెమో ఏదని అడుగుతారు, యూనివర్సిటీ వారు ఇంటర్ మెమో ఏదని అడుగుతారు. కాబట్టి దిద్దిన టెన్త్ మెమో చేతికి వచ్చాకే దాని కాపీతో చదివిన జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా ఇంటర్ బోర్డుకు రాయండి. అదీ వచ్చాక రెండింటి కాపీలతో డిగ్రీ కాలేజీ ద్వారా మహాత్మాగాంధీ యూనివర్సిటీ పరీక్షల నియంత్రణాధికారికి రాయండి. మహబూబ్‌నగర్ వైపువారికైతే అది పాలమూరు యూనివర్సిటీ. లెటర్ నమూనా పైనున్నదే, ఆధారం దగ్గర అడ్మిషన్ రిజిస్టర్ బదులు దిద్దిన టెన్త్ మెమో వస్తుంది, 'ద్వారా' దగ్గర ప్రిన్సిపాల్ వస్తారు. కాన్వొకేషన్ పట్టాకు ఇంకా దరఖాస్తు పెట్టుకోకపోతే అది ఆపుకోండి. పాత పేరుతో పట్టా అచ్చయిందంటే దాన్ని దిద్దించడం నాలుగో పని అవుతుంది.